పాత పోస్టు చీర ముందు వైపు, కొత్త పోస్టు వెనక వైపు: ఒక తిరగరాత డైరీ

చేతిలో ఉన్నది: 2025 ఆగస్టు 7న ఒక గద్వాల చీరల దుకాణం పేజీలో పెట్టిన పోస్టు. ఎర్ర చాప మీద మడతపెట్టిన చీర ఫోటో ఒకటి, దాని కింద తొమ్మిది పాయింట్ల రాత. చీర చేతిమగ్గం మీద నేసిందా, మరమగ్గం నకలా అని కొనేవాళ్లు చూసుకోవడమెట్లా అన్నది విషయం. ఆ పేజీ పెట్టినవాటిలో జనం ఎక్కువగా సేవ్ చేసి దాచుకున్నది ఇదే.

చేయాల్సిన పని: ఆరు నెలల తర్వాత అదే విషయాన్ని మళ్లీ పెట్టాలి. పాతది చూసినవాళ్లకు "ఇది చూసిందే" అనిపించకూడదు, చూడనివాళ్లకు అంతే ఉపయోగపడాలి. మూడు ప్రయత్నాలు పట్టింది, మొదటి రెండూ చెడిపోయాయి. చెడిన తీరే ఎక్కువ పనికొస్తుంది కాబట్టి దాన్నే వివరంగా రాస్తున్నాం.

దశ 1. ఏ పోస్టును ఎంచుకోవాలి (2026 జనవరి 5)

బాగా పోయిన పోస్టులు మూడు పక్కన పెట్టుకున్నాం. బతుకమ్మ రోజు చీరల ఫోటో, శ్రావణం ధరల పోస్టు, మగ్గం చీర గుర్తుపట్టే పోస్టు. రీచ్ చూస్తే బతుకమ్మ ఫోటోదే పైచేయి, 58,000. గుర్తుపట్టే పోస్టుది 41,000. రీచ్ మాత్రమే చూసి ఉంటే తప్పు పోస్టు మీద కూర్చునేవాళ్లం.

తిరగరాయడానికి చూడాల్సింది ఎంతమంది దాచుకున్నారన్నది. లైకు కొట్టినవాళ్లు ఆ క్షణానికి కొడతారు. దాచుకున్నవాళ్లు మళ్లీ అవసరం పడుతుందని దాచుకుంటారు. మళ్లీ అవసరమయ్యే విషయమే మళ్లీ చెప్పదగ్గ విషయం. పోస్టులన్నీ ఒక షీటులో వేసి, B గడిలో రీచ్, C గడిలో సేవ్స్ పెట్టి, వెయ్యి మందికి ఎంతమంది దాచుకున్నారో లెక్కతీశాం:

```
=ROUND(C2/B2*1000,1)
```

బతుకమ్మ ఫోటో: 58,000 మందిలో 90 సేవ్స్, వెయ్యికి 1.6. గుర్తుపట్టే పోస్టు: 41,000 మందిలో 1,312 సేవ్స్, వెయ్యికి 32. ధరల పోస్టును లెక్క కూడా వేయలేదు. అందులోని చీరలు ఎప్పుడో అమ్ముడయ్యాయి, ఆ ధరలూ మారాయి. తేదీ దాటితే చచ్చిపోయే పోస్టుకు తిరగరాత లేదు.

ఇక్కడే ఇంకో సంగతి రాసుకోవాలి. ఆగస్టు 7 జాతీయ చేనేత దినోత్సవం. ఆ మర్నాడే, 8వ తేదీ శుక్రవారం, వరలక్ష్మీ వ్రతం. అంటే పాత పోస్టు గెలుపులో కొంత ఆ రెండు రోజులది. చేనేత మీద పోస్టులు అందరూ పంచుకునే రోజు, ఆడవాళ్లు చీరల గురించే మాట్లాడుకునే వారం కలిసొచ్చాయి. ఫిబ్రవరిలో ఆ గాలి ఉండదు. అందుకే 41,000ను గురిగా పెట్టుకోలేదు, వెయ్యికి 32 అన్నదాన్నే పెట్టుకున్నాం.

చేసిన తప్పు: పాత పోస్టు ఏడో రోజు అంకెలు ఎక్కడా రాసిపెట్టలేదు. ఇప్పుడు కనిపించేవి ఐదు నెలల మొత్తాలు. కొత్తదాన్ని ఏడో రోజున కొలిచి, దాన్ని ఐదు నెలల మొత్తం పక్కన పెట్టడం సరైన పోలిక కాదు. ఇకనుంచి ప్రతి పోస్టుకూ 1, 3, 7, 30 రోజుల అంకెలు అదే షీటులో రాస్తున్నాం.

ఇప్పటిదాకా: గంటన్నర, ఖర్చు లేదు.

దశ 2. పాత పోస్టును విప్పిచూడటం (జనవరి 6, 7)

తొమ్మిది పాయింట్లలో జనానికి నిజంగా పట్టింది ఏది? రాసినవాళ్లు అనుకునేదాన్ని బట్టి చెబితే ఇది తేలదు, అడిగినవాళ్ల మాటల్లో వెతకాలి. పోస్టు కింద వచ్చిన 212 మాటలూ ఒక్కొక్కటి చదివి కుప్పలుగా వేశాం:

1. ధర ఎంత, దొరుకుతుందా: 96
2. మా చీర ఫోటో పంపితే చూసి చెప్తారా: 41
3. వెనక వైపు ఎలా ఉండాలి, కుట్టు ఎక్కడ కనిపిస్తుంది: 38
4. ఎలా ఉతకాలి: 22
5. మిగతావి: 15

ధర అడిగే కుప్ప అన్ని పోస్టుల కిందా ఉంటుంది, దాంతో పనిలేదు. ఫోటో పంపుతామన్నవాళ్లు, వెనక వైపు అడిగినవాళ్లు కలిపి 79 మంది. వీళ్లంతా అడుగుతున్నది ఒక్కటే. "మీరు రాసింది చదివాం, కానీ మా చేతిలో ఉన్న చీరలో అది ఎక్కడ చూడాలి?" పాత పోస్టులో ఐదో పాయింటు "అంచు కుట్టు చూడండి" అన్న ఒక్క వాక్యం. ఫోటోలో చీర ముందు వైపే ఉంది. అంటే పోస్టు ఒక ప్రశ్న లేపింది, జవాబు ఇవ్వలేదు. కొత్త పోస్టుకు గింజ ఇక్కడ దొరికింది.

ఆ గింజ, అంటే అంచు కుట్టు, ఏమిటో తెలియనివాళ్ల కోసం నాలుగు మాటలు. గద్వాల చీరకు 2010లో భౌగోళిక గుర్తింపు వచ్చింది. దాని పేరున్న రకంలో బాడీ నూలు, అంచూ కొంగూ పట్టు. నూలు బాడీని, పట్టు అంచును విడివిడిగా నేసి సూదితో కుట్టరు. మగ్గం మీదే కలుపుతారు. అడ్డంగా నేసే దారాన్ని పేక అంటారు, దాన్ని అటూ ఇటూ తీసుకెళ్లేది నాడె. బాడీకి ఒక నాడె, రెండు అంచులకు రెండు నాడెలు. బాడీ పేక దారం అంచు దాకా వచ్చి వెనక్కి మళ్లుతుంది, అంచు పేక దారం బాడీ దాకా వచ్చి వెనక్కి మళ్లుతుంది. మళ్లే చోట రెండూ ఒకదాన్నొకటి పట్టుకుంటాయి. కుట్టు అనేది దాన్నే. చీర వెనక్కి తిప్పితే అక్కడ చిన్న చిన్న దంతాల వరసలాంటి గీత వేలికి తగులుతుంది.

పాత రాతను విప్పుతుంటే రెండు తప్పులు కూడా బయటపడ్డాయి.

ఒకటి, "కుట్టు లేకపోతే అది చేనేత కాదు" అని రాసి ఉంది. కుట్టు లేకుండా చేతిమగ్గం మీద నేసే చీరలు ఎన్నో ఉన్నాయి. కుట్టు కనిపించకపోతే అది కుట్టు అంచు చీర కాదని మాత్రమే చెప్పగలం. దానికి కుట్టు చీర ధర పెట్టొద్దని చెప్పగలం.

రెండోది, దారం కాల్చి చూసే పరీక్షను చేనేతకు రుజువుగా రాశారు. పట్టు దారం కాలిస్తే వెంట్రుక కాలిన వాసన వస్తుంది, బూడిద వేళ్లతో నలిపితే పొడి అవుతుంది. నూలు కాలితే కాగితం కాలిన వాసన. పాలిస్టర్ కరిగి గట్టి ముద్దవుతుంది. దీంతో తెలిసేది దారం రకం. అది ఏ మగ్గం మీద నేసిందో నిప్పు చెప్పదు. మరమగ్గం మీద కూడా అసలు పట్టు నేయవచ్చు.

ఆరు నెలల కింద రాసినదాంట్లో ఇలాంటివి ఉంటాయి. వాటిని వెతక్కుండా పోస్టును కొత్త బట్టల్లో పెడితే, తప్పు రెండోసారి ఇంకా ఎక్కువమందికి చేరుతుంది.

ఇప్పటిదాకా: నాలుగున్నర గంటలు, ఖర్చు లేదు.

దశ 3. మొదటి ప్రయత్నం: ఫోటో మార్చి, మాటలు మార్చి (జనవరి 12)

సులువైన దారి ముందు పరీక్షిద్దామని, తొమ్మిది పాయింట్లూ అలాగే ఉంచాం. తప్పులు రెండూ దిద్దాం. ఫోటోలో చీర మార్చాం, చాప అదే. మొదటి వాక్యం పాతది "మీరు కొన్న గద్వాల చీర అసలైనదేనా? ఇలా తెలుసుకోండి!" అని ఉండేది. దాన్ని "మీ గద్వాల చీర అసలుదేనా? ఇలా కనిపెట్టండి!" అని మార్చాం. చివర "మాఘమాసం పెళ్లిళ్లకు చీరలు కొనేముందు చదవండి" అని చేర్చాం.

ఏడో రోజు: రీచ్ 3,900, సేవ్స్ 43. వెయ్యికి 11.

కింద వచ్చిన మాటల్లో "గిది ఇదివరకే పెట్టిండ్రు గదా" అన్నవి 6. అడగకుండా ఆరుగురు రాశారంటే, అనుకుని పక్కకు జరిపినవాళ్లు చాలామందే ఉంటారు.

ఏం చెడిందో విడదీస్తే మూడు కనిపించాయి.

మొదటిది, జనం గుర్తుపట్టేది పాయింట్లను కాదు. ఎర్ర చాపను, చీర మడత పెట్టిన తీరును, ప్రశ్నగుర్తుతో మొదలయ్యే మొదటి వాక్యాన్ని. "తెలుసుకోండి" తీసి "కనిపెట్టండి" పెడితే రాసినవాళ్లకే తేడా తెలుస్తుంది. ఫోన్ మీద బొటనవేలు జరిపేవాళ్లకు తెలియదు.

రెండోది, ఈ ఏడాది మాఘం పేరెత్తడమే పొరపాటు. శుక్రమూఢం ఫిబ్రవరి మధ్య దాకా ఉంది, మాఘంలో ముహూర్తాలు లేనట్టే. "మూఢంల పెండ్లేంది అన్నా" అని ఒకరు నేరుగానే అడిగారు. పాత పోస్టులో శ్రావణం అని ఉన్నచోట మాఘం అని పెట్టి ఊరుకున్నాం, పంచాంగం తెరవలేదు. పండుగ, నెల, ముహూర్తం ప్రస్తావన ఉన్న ప్రతి వాక్యాన్నీ ఆ ఏడాది పంచాంగంతో సరిచూడాలి. లేదంటే ఆ వాక్యమే తీసేయాలి. మేం తర్వాత తీసేశాం.

మూడోది, సంక్రాంతికి రెండు మూడు రోజుల ముందు పెట్టాం. ఇంటింటా సకినాలు, అరిసెల పని. రీచ్ తగ్గడంలో దీని వాటా ఎంతో విడిగా తేల్చలేం. కానీ వెయ్యికి 11 అన్నది చూసినవాళ్లలోంచి లెక్క, దానికి పండుగ సాకు చెల్లదు.

ఈ పోస్టును తీసేయకుండా ఆర్కైవ్‌లో పెట్టాం. తీసేస్తే అంకెలు కూడా పోతాయి.

ఇప్పటిదాకా: ఐదున్నర గంటలు, ఖర్చు లేదు.

దశ 4. రెండో ప్రయత్నం: తొమ్మిది పాయింట్లు, తొమ్మిది కార్డులు (జనవరి 24)

రూపం మారిస్తే చాలనుకున్నాం. ఒక్కో పాయింటు ఒక్కో కార్డుగా, పక్కకు జరుపుకుంటూ చూసే పోస్టు చేశాం. కార్డు కొలత 1080 × 1350. రంగులు మారాయి, అక్షరాలు మారాయి, చాప పోయింది. ఆరు గంటల పని.

ఏడో రోజు: రీచ్ 5,200, సేవ్స్ 104. వెయ్యికి 20.

అంకె పెరిగింది, "పాతదే" అన్నవాళ్లు ఇద్దరికి తగ్గారు. అయినా 32కు దూరం. ఎందుకో అంకెల్లో దొరకలేదు, మనుషుల్ని అడగాల్సి వచ్చింది. దుకాణానికి వచ్చేవాళ్లలో, పాత పోస్టు చూసినవాళ్లు ఎనిమిది మందితో రెండు పరీక్షలు చేశాం. ఇవి ఎవరైనా చేసుకోవచ్చు:

1. పాత పోస్టు, కొత్త పోస్టు రెండూ ఫోన్‌లో బొటనవేలి గోరంత సైజులో, పక్కపక్కన, మూడు లెక్కపెట్టేంతసేపు చూపాలి. ఫోన్ దించి "రెండు ఒకటేనా, వేరువేరా?" అని అడగాలి.
2. తర్వాత కొత్త పోస్టు పూర్తిగా చూడనిచ్చి, ఫోన్ తీసుకుని, "ఏం గుర్తుంది?" అని అడగాలి. మనం అందించకూడదు.

మొదటి పరీక్షలో ఎనిమిది మందిలో ఐదుగురు "ఒకటే" అన్నారు. కారణం వాళ్లే చెప్పారు, మొదటి కార్డు మీద వాడిన చీర పాత ఫోటోలోదే. రంగులన్నీ మార్చి, చీర మార్చడం మరిచిపోయాం. రెండో పరీక్షలో ఏడుగురికి గుర్తున్నది దారం కాల్చడం. కుట్టు ఒక్కరికే గుర్తుంది. ఏ పాయింటు కోసం 79 మంది అడిగారో అది ఐదో కార్డులో మిగతా ఎనిమిదింటి మధ్య నలిగిపోయింది. నిప్పు ఉన్నది కాబట్టి కాల్చే కార్డు మాత్రం మనసులో నిలిచింది, పైగా అది చేనేతకు రుజువు కూడా కాదు.

అప్పుడు అర్థమైంది. తొమ్మిది పాయింట్లను మోసుకుంటూ పోయినంతకాలం అది పాత పోస్టే. రూపం ఎన్నిసార్లు మార్చినా ఆ వరస, ఆ బరువు మారవు. గింజను పట్టుకుని మిగతా ఎనిమిదింటిని వదలాలి.

ఇప్పటిదాకా, పరీక్షతో కలిపి: పన్నెండున్నర గంటలు, ఖర్చు లేదు.

దశ 5. ఏది ఉంచాలి, ఏది మార్చాలి (ఫిబ్రవరి 1)

ఉంచేది ఒక్కటే: అంచు, బాడీ కలిసే చోట చూస్తే తెలుస్తుంది.

మార్చేవి ఐదు.

1. తెరవగానే కనిపించే మొదటి బొమ్మ. పాతది మడతపెట్టిన చీర ముందు వైపు. కొత్తది చేతిలో పట్టుకున్న అంచు వెనక వైపు, దగ్గరగా.
2. వస్తువు. పాతదాంట్లో ఒక్క చీర. కొత్తదాంట్లో రెండు, కుట్టు ఉన్నదొకటి, లేనిదొకటి.
3. అడిగేవాళ్లు. పాతదాంట్లో పేజీ జనాన్ని ప్రశ్నిస్తుంది. కొత్తదాంట్లో జనం అడిగిన ప్రశ్నతోనే మొదలు.
4. వరస. పాతదాంట్లో లక్షణాల పట్టిక. కొత్తదాంట్లో ముందు చూపించి, తర్వాత కారణం చెప్పి, ఆ తర్వాత నకలు పక్కన పెట్టడం.
5. రూపం, గొంతు. పాతది పుస్తకాల తెలుగులో చదువుకునే రాత. కొత్తది పాలమూరు మాటలో వినే రీలు.

మొదటి ప్రయత్నంలో వీటిలో నిజానికి ఒకటి కూడా పూర్తిగా మారలేదు. రెండోదాంట్లో ఐదోది మాత్రమే సగం మారింది. కనీసం నాలుగు మారితేనే పని మొదలుపెట్టాలని గీత గీసుకున్నాం. అన్నిటికంటే మూడోది ముఖ్యమని మా నమ్మకం. అడిగే మనిషి మారితే వాక్యాలన్నీ వాటంతట అవే మారతాయి. పాత పోస్టు పక్కన పెట్టుకుని పదాలు వెతుక్కోవాల్సిన పని ఉండదు. అసలు ఈ దశ నుంచి పాత రాతను తెరవలేదు.

ఇప్పటిదాకా: పద్నాలుగు గంటలు, ఖర్చు లేదు.

దశ 6. వెనక వైపును కెమెరాకు చూపించడం (ఫిబ్రవరి 4, 5)

ఇది ఎక్కువ సతాయించిన దశ. కుట్టు గీత వేలికి బాగా తెలుస్తుంది, కంటికి కొంచెం తెలుస్తుంది, ఫోన్‌కు అసలు తెలియదు.

మొదటి రోజు మధ్యాహ్నం ఆరుబయట తీసినవి 30కి పైగా క్లిప్పులు, ఒక్కటీ పనికిరాలేదు. నడినెత్తిన ఎండలో గీతకు నీడ పడదు. నీడ లేకపోతే ఎత్తు తెలియదు, గుడ్డంతా చదునుగా కనిపిస్తుంది. పైగా జరీ మెరుపుకు ఫోన్ బెదిరిపోయి, అంచు తెల్లగా తేలి, బాడీ నల్లబడింది. దగ్గరగా పెడితే ఫోన్ నీడే చీర మీద పడింది, ఫోకస్ కుదరలేదు.

రెండో రోజు మార్చినవి:

1. పొద్దున 9 గంటలకు, తూర్పు కిటికీ పక్కన. వెలుతురు పైనుంచి కాకుండా పక్కనుంచి, గుడ్డ మీద పాకినట్టు రావాలి. అంచు కిటికీకి సమాంతరంగా ఉంటే కుట్టు గీతకు ఒక పక్క సన్నటి నీడ పడుతుంది.
2. కిటికీకి తెల్ల వాయిల్ గుడ్డ ఒక పొర. జరీ మెరుపు దీంతోనే అణిగింది.
3. ఫోన్ స్టాండు మీద, చీరకు దాదాపు అడుగు దూరంలో, 2x జూమ్. దగ్గరికి జరపడం కంటే దూరం నుంచి జూమ్ చేస్తే ఫోకస్ నిలుస్తుంది, నీడ పడదు.
4. తెర మీద కుట్టు ఉన్నచోట వేలు నొక్కిపట్టి ఫోకస్‌ను తాళం వేసి, వెలుతురును కొంచెం కిందికి లాగాలి. జరీ గీతలు విడివిడిగా కనిపించేదాకా.
5. సూది మొనతో చూపాలి. వేలితో చూపితే వేలే కుట్టును కప్పేస్తుంది.

చీరల ఎంపికలోనూ ఒక లెక్క ఉంది. కుట్టు ఉన్న చీరకు ఆకుపచ్చ బాడీ, ఎర్ర అంచు తీసుకున్నాం. కుట్టు లేని చీర కూడా అవే రంగుల్లో వెతికాం. బాడీకీ అంచుకీ పూర్తిగా వేరే రంగులుంటేనే తేడా కనిపిస్తుంది. కుట్టు చీరలో అంచు పేక దారం ఎరుపే కాబట్టి ఎరుపు స్వచ్ఛంగా ఉంటుంది. కుట్టు లేనిదాంట్లో ఒకే పేక ఈ కొస నుంచి ఆ కొసకు పరుగెత్తుతుంది. అంటే అంచులో నిలువు దారమైన పడుగు ఎరుపు, పేక ఆకుపచ్చ. రెండూ కలిసి ఎరుపు మాసిపోయినట్టు, కదిలిస్తే రంగు మారుతున్నట్టు కనిపిస్తుంది. మొదట ముదురు నీలం బాడీ, నల్ల అంచు చీర పెట్టి చూశాం, కెమెరాలో రెండు చీరలూ ఒకేలా వచ్చాయి. లేత గులాబీ, ముదురు గులాబీ జత కూడా అంతే.

పరిమితి కూడా రాయాలి. బాడీ, అంచు ఒకే రంగున్న చీరలో ఈ రంగు పరీక్ష పనిచేయదు. అక్కడ వెనక గీతను వేలితో తడిమి చూడటమే.

ఖర్చు: వాయిల్ గుడ్డ 2 మీటర్లు ₹160, ఫోన్ స్టాండు ₹340. చీరలు దుకాణంలోవే.

ఇప్పటిదాకా: పద్దెనిమిది గంటలు, ₹500.

దశ 7. మాట (ఫిబ్రవరి 7, 8)

మొదటిసారి రాసుకున్న మాట చదివితే నిమిషం పది సెకన్లు వచ్చింది. భౌగోళిక గుర్తింపు, నాడెల సంఖ్య, దారం కాల్చడం, అన్నీ దూరాయి. పాత తొమ్మిది పాయింట్లు దొడ్డిదారిన మళ్లీ లోపలికొచ్చాయన్నమాట. కొట్టేసి, సూది మొన ఎక్కడుందో అక్కడి మాట మాత్రమే ఉంచాం. మిగిలింది ఇది:

"అన్నా, ఎనక బాజు ఎట్లుండాలె?"

"అక్కా, అంచు, బాడీ కలిసేకాడ సూడు. గీడ పండ్ల లెక్క గీత ఉన్నది గదా. అంచు దారం గీడిదాంక వచ్చి మర్లుతది, బాడీ దారం గీడిదాంక వచ్చి మర్లుతది. రెండు ఒకదాన్నొకటి వట్టుకుంటయి. గందుకే ఎరుపు ఎరుపే ఉన్నది. గిప్పుడు గీ రెండో చీర సూడు. ఆకుపచ్చ దారం అంచులకు గూడ ఉరికింది. ఎరుపు మాసినట్టు కొడుతున్నది. ఇది కుట్టు అంచు గాదు. అట్లని పారేసేది గాదు, కట్టుకో. కుట్టు రేటు వెట్టి మాత్రం కొనకు."

రికార్డు చేస్తే 38 సెకన్లు. చివరి మూడు వాక్యాలు పాత పోస్టులోని మొదటి తప్పుకు దిద్దుబాటు. "నకిలీ" అన్న మాట కావాలనే వాడలేదు. కుట్టు లేని చీర కొన్న మనిషి ఇది చూసి తల దించుకోకూడదు. రెండో చీర ఎక్కడిదో తెలిసే గుర్తులు, చీటీలు కెమెరాలో పడకుండా చూసుకున్నాం.

పాలమూరు మాట గురించి ఒక జాగ్రత్త. రాసి చదివితే నాటకంలా వస్తుంది. రాసినదాన్ని పక్కన పెట్టి, చీర చేతిలో పట్టుకుని, ఎదురుగా ఒక మనిషిని కూర్చోబెట్టి వాళ్లకు చెప్పినట్టు చెప్పించాలి. నాలుగోసారి సరిగ్గా వచ్చింది. తెర మీద వచ్చే అక్షరాలు కూడా అదే యాసలో పెట్టాం. శబ్దం లేకుండా చూసేవాళ్లకు ఒక భాష, వినేవాళ్లకు ఇంకో భాష అయితే రెండూ తేలిపోతాయి.

క్యాప్షన్ మూడు వరసలే. మొదటి వరస: "38 మంది అడిగిన ప్రశ్న ఇది." దాని తర్వాత పాత పోస్టులో రాసిన తప్పు, ఇప్పుడు దిద్దింది, ఒక్కో వరస. దిద్దుబాటు చెప్పుకుంటే పరువు పోతుందేమో అన్న మాట వచ్చింది. నిజానికి "మళ్లీ ఎందుకు పెట్టారు" అన్న ప్రశ్నకు ఇంతకంటే నిజాయితీ అయిన జవాబు లేదు.

గోరంత సైజు పరీక్ష మళ్లీ, అదే ఎనిమిది మందితో: ఎనిమిదిమందీ "వేరు" అన్నారు. "ఏం గుర్తుంది?" అంటే ఏడుగురు కుట్టు గీత, ఒకరు మాసిన ఎరుపు.

ఇప్పటిదాకా: ఇరవై ఒక్క గంటలు, ₹500.

దశ 8. పెట్టడం, కొలవడం (ఫిబ్రవరి 12 నుంచి)

గురువారం రాత్రి 8 గంటలకు పెట్టాం. పాతది కూడా గురువారమే పడింది, వారం పోలిక చెడకూడదని. డబ్బు పెట్టి ముందుకు తోయలేదు, తోస్తే ఏది పోస్టు బలమో ఏది డబ్బు బలమో తెలియదు.

పెట్టిన రోజే పాత పోస్టు క్యాప్షన్‌లో రెండు తప్పులూ దిద్దాం. పాతదాన్ని తీసేయలేదు. 1,312 మంది దాచుకున్నది అదే, వాళ్లు మళ్లీ తెరిస్తే సరైన మాట కనిపించాలి.

- 1వ రోజు: రీచ్ 2,100, సేవ్స్ 52, వెయ్యికి 24.8
- 3వ రోజు: రీచ్ 6,800, సేవ్స్ 197, వెయ్యికి 29
- 7వ రోజు: రీచ్ 14,600, సేవ్స్ 453, వెయ్యికి 31

మొదటి రోజు అంకె తక్కువ ఉండటం చూసి తొందరపడి మార్పులు చేయకపోవడం మంచిదైంది. మొదటి రోజు చూసేది ఎక్కువగా పేజీని ముందునుంచీ అనుసరించేవాళ్లు, వాళ్లలో కొందరి దగ్గర పాతది దాచి ఉంది. బయటివాళ్లకు చేరేకొద్దీ వెయ్యికి లెక్క పెరిగింది. ఇన్‌సైట్స్‌లో అనుసరించనివాళ్ల వాటా ఏ రోజుకారోజు చూస్తే ఇది తెలుస్తుంది. ఈ వాటా పెరగకుండా సేవ్స్ కూడా తక్కువగా ఉంటే, అది పాత జనానికే మళ్లీ పాతదిగా కనిపిస్తోందని అర్థం.

"పాతదే" అన్నవాళ్లు ఎవరూ లేరు. పాతది గుర్తున్న ఒకరు మాత్రం ఇలా రాశారు: "అప్పుడు మీరు జెప్పింది సూసి మా అత్త చీర కుట్టు లేదని పక్కకు వెట్టిన. ఇయ్యాల మల్ల తీసిన."

మిగిలిన సరుకు (ఫిబ్రవరి 20)

మొత్తం: ఇరవై మూడు గంటలు, ₹500. ఇందులో చెడిన రెండు ప్రయత్నాలు, మనుషులతో చేసిన పరీక్ష కలిపి 8 గంటలు. దశ 2 తర్వాత నేరుగా దశ 5కు వెళ్తే ఇవి మిగిలేవి.

పాత 212 మాటల్లో ఉతకడం గురించి అడిగిన 22 ఇంకా వాడలేదు. నూలు బాడీ, పట్టు అంచు ఒకే నీళ్లలో వేరువేరుగా ప్రవర్తిస్తాయి కాబట్టి అది సొంతంగా ఒక పోస్టు అవుతుంది. దాన్ని ఎండాకాలం కోసం పక్కన పెట్టాం. ఆకుపచ్చ, ఎరుపు చీర జత, తూర్పు కిటికీ, సూది మొన, ఈ మూడూ ఈసారికి వాడేసినవిగా షీటులో రాశాం. కుట్టు మీద మళ్లీ ఎప్పుడైనా రాయాల్సి వస్తే మొదటి బొమ్మలో అవి ఉండకూడదు. కొత్త పోస్టు కింద వచ్చిన ప్రశ్నల్లో ఎక్కువగా కనిపిస్తున్నది ఒకే రంగు చీరల సంగతి. 30వ రోజు అంకెలు మార్చి 14న రాయాలి.